ఇంగ్లిష్ ప్రెజెంటేషన్‌కి మార్కులు: మూడు కాలమ్స్‌లో ఒకే అంకె పడుతుంటే

ప్రశ్న: ఇంజినీరింగ్ కాలేజీలో ఇంగ్లిష్ ల్యాబ్ చూస్తున్నాను, ఈ ఏడాదే చేరాను. సెకండియర్ పిల్లలతో ఐదేసి నిమిషాల ప్రెజెంటేషన్లు ఇప్పిస్తున్నాం. షీట్‌లో డెలివరీ, కంటెంట్, స్ట్రక్చర్ అని మూడు కాలమ్స్, ఒక్కోదానికి 10 మార్కులు. నేనేం వేసినా 7, 7, 7 లేదా 8, 8, 7 అనే పడుతోంది. కాన్వెంట్‌లో చదివిన వాళ్లకే ఎక్కువ వేస్తున్నానేమో అని అనుమానం. పైగా టాపిక్ నాకు తెలియనిదైతే కంటెంట్‌కి ఎలా వేయాలి? అనుభవం ఉన్నవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

సమాధానం:

అడ్డంగా 7, 7, 7 పడుతోందంటే మీరు మూడు విషయాలకు మార్కులు వేయడం లేదు మేడమ్, ఒక్కదానికే మూడుసార్లు వేస్తున్నారు. ఆ ఒక్కటీ దాదాపు ఎప్పుడూ డెలివరీయే అయి ఉంటుంది. స్టూడెంట్ నోరు తెరిచిన అర నిమిషంలో "బాగా మాట్లాడుతోంది" అనో "పాపం, తడబడుతున్నాడు" అనో మనసులో పడిపోతుంది. ఆ తర్వాత విన్నదంతా ఆ అభిప్రాయం మీదుగానే లోపలికి వెళ్తుంది. ఇది మీ ఒక్కరి ఇబ్బంది కాదు. ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1920లోనే దీని గురించి రాశాడు. సైన్యంలో అధికారులు తమ కింది వాళ్లకి శరీర దారుఢ్యం, తెలివి, నాయకత్వం, నడవడిక అని విడివిడిగా రేటింగులు ఇస్తే, వాటి మధ్య ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ పొంతన కనిపించింది. మనిషి మీద మొత్తంగా ఏర్పడిన అభిప్రాయమే ఒక్కో గడిలోకీ పాకిపోయింది. హేలో ఎఫెక్ట్ అనేది అదే. "జాగ్రత్తగా ఉందాం" అనుకున్నంత మాత్రాన అది పోదు. మార్కులు వేసే పద్ధతే మార్చాలి.

నేను చేసే మొదటి పని, స్టూడెంట్ మాట్లాడుతున్నంతసేపూ ఒక్క అంకె కూడా వేయకపోవడం. పేపర్‌ని నిలువుగా మూడు గళ్లు చేస్తాను. ఎడమ గడి స్ట్రక్చర్‌కి. విషయం మారిన ప్రతిసారీ టైమ్ వేసి, పక్కన రెండు మూడు మాటలు రాస్తాను. మధ్య గడి కంటెంట్‌కి. నిజమో కాదో సరిచూడగలిగే ప్రతి మాటనీ పొడిగా రాసుకుంటాను. దానికి ఆధారమో, ఉదాహరణో, లెక్కో ఇస్తే టిక్కు, ఏమీ ఇవ్వకపోతే ప్రశ్న గుర్తు. కుడి గడి డెలివరీకి. నాకు మాట అందని చోటు, వాక్యం మధ్యలో ఆగిన చోటు, తెర వైపు తిరిగి చదివిన చోటు మాత్రమే అందులో ఉంటాయి. "గుడ్", "నర్వస్" లాంటి మాటలు ఎక్కడా రాయను. అవి తీర్పులు, తీర్పు చివర్లో చెప్పుకోవచ్చు.

తర్వాతి స్టూడెంట్ వచ్చి పెన్‌డ్రైవ్ పెట్టి, స్లైడ్లు తెరుచుకునేలోపు రెండు నిమిషాలు దొరుకుతాయి. అంకెలు అప్పుడు వేస్తాను. ముందు స్ట్రక్చర్, తర్వాత కంటెంట్, చివరికి డెలివరీ. చాలామంది షీట్‌లో ఉన్న వరసలో డెలివరీతో మొదలుపెడతారు, అక్కడే చిక్కు. డెలివరీ మార్కు ముందు పడితే మిగతా రెండూ దాన్ని చూసి పడతాయి. స్ట్రక్చర్‌కి ముందు వేయాలంటే ఎడమ గడిలో రాసుకున్న వరస చూడక తప్పదు, కాబట్టి గొంతు ప్రభావం కాస్తయినా తగ్గుతుంది.

రెండోది స్కేల్. పదికి 7 ఎందుకు, 8 ఎందుకు కాదు అని ఎవరైనా అడిగితే మనం చెప్పలేం. చెప్పలేని తేడాని కొలవకూడదు. ఒక్కో అంశానికి 0 నుంచి 4 వరకు ఐదు మెట్లు చాలు, ఒక్కో మెట్టుకి ఏం కనిపించాలో ముందే రాసి పెట్టుకోవాలి. మా దగ్గర మొత్తం 20 మార్కులు. కంటెంట్ మెట్టుని 2తో, స్ట్రక్చర్‌నీ డెలివరీనీ 1.5తో హెచ్చిస్తాం. అంటే 8, 6, 6. కంటెంట్‌కి ఎక్కువ ఎందుకంటే రెండు వారాల ముందు టాపిక్ ఇచ్చినప్పుడు స్టూడెంట్ చేతిలో పూర్తిగా ఉండేది అదొక్కటే. గొంతు, యాస, చిన్నప్పటి బడి, ఇవేవీ ఆ రెండు వారాల్లో మారేవి కావు. మీ యూనివర్సిటీ వెయిటేజీ వేరుగా ఉంటే అదే పాటించండి. మెట్ల పద్ధతికి అది అడ్డం కాదు.

ఇక అసలు కేసు చూద్దాం. పోయిన ఏడాది ఒకే మధ్యాహ్నం వెంటవెంటనే వచ్చిన ఇద్దరు.

మొదట వచ్చిన అమ్మాయి టాపిక్ యువత మీద సోషల్ మీడియా ప్రభావం. "గుడ్ ఆఫ్టర్‌నూన్ టు వన్ అండ్ ఆల్ ప్రెజెంట్ హియర్" దగ్గర మొదలై ఎక్కడా ఆగలేదు. ఉచ్చారణ శుభ్రంగా ఉంది, నవ్వు ముఖం, చేతులు చక్కగా కదులుతున్నాయి. క్లాసంతా చప్పట్లు. నా పక్కన కూర్చున్న కొలీగ్ పాత అలవాటు కొద్దీ మూలన పదికి 8.5 అని రాసుకున్నారు.

రెండో అబ్బాయిది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు పల్లె, ఇంటర్ దాకా తెలుగు మీడియం. టాపిక్ తాగునీటిలో ఫ్లోరైడ్, దాన్ని తగ్గించే నల్గొండ టెక్నిక్. మెల్లగా, వెతుక్కుంటూ మాట్లాడాడు. టైమ్ సరిపోలేదు. కొలీగ్ అంకె 6.5.

ఇప్పుడు గళ్లు చూద్దాం. అమ్మాయి ఎడమ గడిలో నేను రాసుకున్నది: నిర్వచనం, లాభాలు, నష్టాలు, "డబుల్ ఎడ్జ్‌డ్ స్వోర్డ్", ముగింపు. "ఫస్ట్లీ", "సెకండ్లీ", "లాస్ట్ బట్ నాట్ ద లీస్ట్" అన్నీ పలికింది. కొత్తగా మార్కులు వేసేవాళ్లు పొరబడేది ఇక్కడే. ఈ మాటలు వినగానే స్ట్రక్చర్ బాగుంది అనుకుంటారు. నేను చేసే పరీక్ష ఒకటుంది: రెండు భాగాల్ని అటూ ఇటూ మార్చి చూస్తాను. నష్టాలు ముందు చెప్పి లాభాలు తర్వాత చెబితే ఆ ప్రసంగానికి ఏమైనా అవుతుందా? ఏమీ కాదు. రెండో లాభాన్ని తీసేస్తే? ఎవరూ గమనించరు. అంటే అక్కడ ఉన్నది జాబితా. ఒక మాట ఇంకో మాటకి దారి తీయడం లేదు. మొదలు, మధ్య, ముగింపు వినేవాళ్లకి స్పష్టంగా తెలుస్తున్నాయి కాబట్టి 2 వేశాను. అంతకు పైన 3 పడాలంటే వరసకి ఒక కారణం ఉండాలి.

మధ్య గడిలో దాదాపు అన్నీ ప్రశ్న గుర్తులే. "మిలియన్స్ ఆఫ్ యూత్ ఆర్ అడిక్టెడ్", ఎక్కడి లెక్క? "స్టడీస్ షో దట్ ఇట్ ఎఫెక్ట్స్ మెమరీ", ఏ స్టడీ? చివర్లో ఒకబ్బాయి "మీ హాస్టల్‌లో ఎవరినైనా అడిగావా, రోజుకి ఎంతసేపు ఫోన్ చూస్తారో" అని అడిగాడు. చాలా మంచి ప్రశ్న. ఆమె స్క్రిప్టులో దీనికి జవాబు లేదు. నిర్వచనం సరైనదే, ఒక ఉదాహరణ ఇచ్చింది, అందుకని 1. సున్నా అంటే టాపిక్ వదిలేసి వేరేదేదో మాట్లాడడం.

డెలివరీకి ఆమెకి 4 పడుతుందని మీరనుకుంటారు. పడలేదు, 3 పడింది. కారణం వేగం. పదిహేను సెకన్లలో ఎన్ని మాటలు వచ్చాయో వేళ్ల మీద లెక్కపెట్టి నాలుగుతో హెచ్చిస్తే నిమిషానికి వేగం తెలుస్తుంది. ఆమెది 180 దాటింది. ప్రెజెంటేషన్‌కి 120 నుంచి 150 మధ్య ఉంటే వెనక బెంచీ వాళ్లు నోట్స్ రాసుకోగలరు. బట్టీ పట్టిన ప్రసంగం ఇలాగే ఉంటుంది. ముఖ్యమైన మాటకీ మామూలు మాటకీ ఒకే స్పీడు, గొంతులో ఎక్కడా ఒత్తు మారదు. మాట మరిచిపోతే ఆ మాట దగ్గర ఆగకుండా వాక్యం మొదటికి వెళ్లి మళ్లీ మొదలుపెడతారు. ఆమె అలా రెండుసార్లు వెనక్కి వెళ్లింది. ప్రశ్న అడగ్గానే గొంతు మారిపోయి, చిన్న చిన్న వాక్యాలు వచ్చాయి. అందుకే ప్రశ్నల నిమిషాన్ని కూడా డెలివరీలో కలిపి చూడమంటాను. అసలు మాట్లాడే ఇంగ్లిష్ ఎంతో అక్కడే బయటపడుతుంది. బట్టీ పట్టడం నేరం కాదు, దానికి విడిగా మార్కులు కోయక్కర్లేదు. స్పష్టంగా వినిపించింది, ముఖం చూసి మాట్లాడింది, వేగం వల్ల కొంత జారిపోయింది. అది 3.

అబ్బాయి పేపర్ మీద ఇంకాస్తసేపు ఆగుదాం, మీ ప్రశ్నలన్నిటికీ జవాబు అందులోనే ఉంది. అతని ఎడమ గడి ఇలా ఉంది. 0:00 పలకరింపు, పేరు, రోల్ నంబర్. 0:35 ఊళ్లో ముసలివాళ్ల వంగిన నడుములు, పిల్లల పళ్ల మీద గోధుమ మచ్చలు, కారణం బోరు నీళ్లు. 1:30 నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత వరకు ఉండొచ్చు. 2:15 నల్గొండ టెక్నిక్, బకెట్ బొమ్మ. 4:10 ఈ పద్ధతి లోపాలు. 5:00 గంట, ముగింపు చెప్పలేదు.

ఇందులో ఏ రెండు భాగాల్నీ తారుమారు చేయలేరు. పరిమితి ఎంతో తెలియకపోతే తీసేయాల్సింది ఎంతో తెలియదు. పద్ధతి తెలియకపోతే దాని లోపాలు అర్థం కావు. "ఫస్ట్లీ" అనే మాట ఒక్కసారి కూడా అనలేదు, అయినా నేను చివర్లో ఒకే వాక్యంలో రాసుకోగలిగాను: "మా ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, ఇంట్లోనే తగ్గించే పద్ధతి ఒకటుంది, కానీ దాన్ని రోజూ చేయడం కష్టం." వినగానే ఇలా ఒక వాక్యం రాయగలిగితే స్ట్రక్చర్ 3 అయినా ఉన్నట్టే. రాయలేకపోతే 2 దాటదు. ఇతనికి 4 ఎందుకు రాలేదంటే పలకరింపుకి ముప్పై ఐదు సెకన్లు పోయాయి, ముగింపుకి టైమ్ మిగల్లేదు. ఐదు నిమిషాల్లో టైమ్ పంచుకోవడం కూడా స్ట్రక్చర్‌లో భాగమే.

కంటెంట్‌లో మీరు అడిగిన ఇబ్బందే నాకూ ఎదురైంది. నేను ఇంగ్లిష్ చదివినవాణ్ణి, నీటి శుద్ధి నా సబ్జెక్టు కాదు. ఇలాంటప్పుడు మూడు పనులు చేస్తాను. ఒకటి, ముందురోజే ప్రతి స్టూడెంట్ దగ్గరా ఒక చీటీ తీసుకుంటాను. అందులో వాళ్లు చెప్పబోయే మూడు ముఖ్యమైన మాటలు, ఒక్కోదాని పక్కన అది ఎక్కడ చదివారో ఉండాలి. స్టాఫ్ రూమ్‌లో సివిల్ డిపార్ట్‌మెంట్ వాళ్లకి చూపిస్తే అర నిమిషంలో తప్పులు చెప్పేస్తారు. ఈ అబ్బాయి చీటీలో ఫ్లోరైడ్ పరిమితి లీటరుకి 1.5 మిల్లీగ్రాములు అని ఉంది. తాగునీటికి మన దేశంలో వాడే ఐఎస్ 10500 ప్రమాణంలో ఆమోదించిన పరిమితి 1.0. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. అంటే అతను చెప్పింది తప్పు కాదు, కానీ షరతు వదిలేశాడు. సివిల్ సార్ చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. రెండు, లెక్క చెప్పినప్పుడు దాని పక్కన యూనిట్, షరతు, ఎక్కడిదన్న సంగతి ఉన్నాయో లేదో చూస్తాను. ఇది ఏ సబ్జెక్టుకైనా పనికొస్తుంది, సబ్జెక్టు తెలియక్కర్లేదు. మూడు, "ఎంత?" అనో "ఎప్పుడు పని చేయదు?" అనో ఒక ప్రశ్న వేస్తాను. తెలిసినవాళ్లు, కాపీ కొట్టినవాళ్లు అక్కడే విడిపోతారు.

అతను వివరించిన పద్ధతి ఇది. అడుగుకి కాస్త పైన కుళాయి ఉన్న నలభై లీటర్ల బకెట్లో నీళ్లు పోసి, పటిక, సున్నం, కొద్దిగా బ్లీచింగ్ పౌడర్ వేసి బాగా కలిపి, తర్వాత కదలకుండా ఉంచుతారు. ఫ్లోరైడ్‌ని పట్టుకున్న తెల్లటి తెట్టు గంట సేపట్లో అడుగుకి దిగుతుంది. పై నీళ్లని కుళాయి నుంచి పట్టుకుంటారు. దీన్ని రూపొందించింది నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ అని కూడా చెప్పాడు. నేను "నలభై లీటర్లకి పటిక ఎంత వేయాలి?" అని అడిగాను. "సార్, దట్ ఈజ్ డిపెండ్స్. హౌ మచ్ ఫ్లోరైడ్, హౌ మచ్ ఆల్కలినిటీ. ఫస్ట్ వి హ్యావ్ టు టెస్ట్ ద వాటర్, దెన్ ఓన్లీ డోస్" అన్నాడు. గ్రామర్ చూస్తే మొదటి వాక్యమే తప్పు. కంటెంట్ చూస్తే ఇంతకన్నా మంచి జవాబు ఉండదు. ఒక స్థిరమైన అంకె చెప్పి ఉంటే నేనే అనుమానపడాల్సి వచ్చేది. ఇంకొకరు "ఇప్పుడు మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నాయి కదా, ఇది ఇంకెందుకు?" అంటే, పైపు రిపేరయిన రోజుల్లో ఊరు మళ్లీ బోరు దగ్గరికే పోతుందని చెప్పాడు. లోపాల్లో అడుగున మిగిలే బురద, నీళ్లలో మిగిలిపోయే అల్యూమినియం గురించి చెప్పాడు. మధ్య గడి నిండా టిక్కులే. పరిమితిలో షరతు వదిలేసినందుకు, ఆధారం స్లైడు మీద పెట్టనందుకు 4 కాకుండా 3 వేశాను.

ఇక డెలివరీ. కాన్వెంట్ పిల్లలకి ఎక్కువ వేస్తున్నానేమో అన్న మీ అనుమానం తేలేది ఈ గడిలోనే. నా నియమం: యాస వినిపించినందుకు మార్కు తగ్గించను, మాట అందకపోతే తగ్గిస్తాను. "ఎవ్రీ"ని "యెవ్రీ" అన్నాడు. మనవాళ్లలో చాలామంది అలాగే అంటారు, నాకు అర్థమైంది, మార్కు పోదు. ఆ తెల్లటి తెట్టుని ఇంగ్లిష్‌లో "ఫ్లాక్" అన్నప్పుడు చివరి హల్లు మింగేశాడు. నాకు "ఫ్లాగ్" అని వినిపించింది, రెండు వాక్యాల పాటు జెండా సంగతేమిటో తెలియలేదు. అది కుడి గడిలో పడింది. మన్రో, డెర్వింగ్ అనే కెనడా పరిశోధకులు 1995లో చూపించింది కూడా ఇలాంటిదే. శ్రోతలు బలమైన యాస ఉందని చెప్పిన మాటలు కూడా చాలావరకు వాళ్లకి పూర్తిగా అర్థమయ్యాయి. యూరప్‌లో భాషా స్థాయిలకి వాడే సీఈఎఫ్ఆర్ కూడా 2018లో ఉచ్చారణ కొలతని మార్చింది. పుట్టుకతో ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లలా పలకడం కాదు, అర్థమయ్యేలా పలకడమే గీటురాయి అని తేల్చింది. మీ షీట్‌లో ఎక్కడైనా "న్యూట్రల్ యాక్సెంట్" అని ఉంటే కొట్టేయండి.

తర్వాత విరామాలు. ఎన్నిసార్లు ఆగాడన్నది కాదు, ఎక్కడ ఆగాడన్నది చూడాలి. "ద నల్గొండ టెక్నిక్ యూజెస్ ఆలమ్ అండ్ లైమ్", ఆగాడు, "టు రిమూవ్ ఫ్లోరైడ్". ఇది మంచి విరామం, వినేవాళ్లకి ఊపిరి పీల్చుకునే చోటు. "ఆఫ్టర్ ద", ఆగాడు, "ఆఫ్టర్ ద ఫ్లాక్స్ ఆర్", ఆగాడు, "సెటిలింగ్ డౌన్". ఇది మాట కోసం వెతుక్కోవడం. మొదటి రకానికి గుర్తు పెట్టను, రెండో రకానికి ఒక గీత. ఇతనికి చాలా గీతలే పడ్డాయి, ఎక్కువ భాగం పద్ధతి వివరించేటప్పుడే. ఊరి గురించి చెప్పినప్పుడు దాదాపు లేవు. వేగం వందకి అటూ ఇటూ. వెనక బెంచీ దాకా గొంతు వినిపించింది. బకెట్ బొమ్మ దగ్గర మాత్రం తెర వైపే తిరిగి నిలబడ్డాడు.

గ్రామర్ తప్పులు ఎక్కడ వేయాలన్నది మీ మూడు కాలమ్స్‌లో లేదు. నేను డెలివరీలోనే చూస్తాను, అది కూడా అర్థం చెడితేనే. "ఫ్లోరైడ్ ఈజ్ ఎఫెక్టింగ్ ద బోన్స్", "బోర్ వాటర్ ఈజ్ హ్యావింగ్ ఫ్లోరైడ్", వీటికి ఏమీ తీయను. "ఫ్లోరైడ్ ఈజ్ రిడ్యూస్డ్ బై వన్" అన్నాడు, స్లైడు మీద మాత్రం ఒకటికి తగ్గుతుందని ఉంది. "టు" అనాల్సిన చోట "బై" పడితే మిగిలిన ఫ్లోరైడ్ లెక్కే మారిపోతుంది. దానికి గుర్తు పెట్టాను. మొత్తం మీద మాట అందని చోట్లు రెండు, అర్థం మారిన చోటు ఒకటి, వెతుకులాట ఎక్కువ, అయినా శ్రమ పడితే అంతా అర్థమైంది. అది 2. వినేవాళ్లు శ్రమ పడకుండా అర్థమైతే 3. శ్రమ పడినా కొన్ని భాగాలు పోతే 1.

చేతులు వణికాయి. చాలామంది దానికి మార్కు తీస్తారు, నేను తీయను. చేతులు వణికితే మాట ఆగదు. టెన్షన్ వల్ల గొంతు పూడుకుపోయి వినిపించకపోతే, ఆ వినిపించకపోవడాన్ని లెక్కిస్తాను.

లెక్క వేద్దాం. అమ్మాయికి కంటెంట్ 1 అంటే 2 మార్కులు, స్ట్రక్చర్ 2 అంటే 3, డెలివరీ 3 అంటే 4.5. మొత్తం 9.5. అబ్బాయికి కంటెంట్ 3 అంటే 6, స్ట్రక్చర్ 3 అంటే 4.5, డెలివరీ 2 అంటే 3. మొత్తం 13.5. కొలీగ్ మూలన రాసుకున్న అంకెల వరస తిరగబడింది. ఆయన ఒప్పుకోలేదు. "ఆ అమ్మాయి ఇంటర్వ్యూలో సెలెక్టవుతుంది సార్, ఇతను అవడు" అన్నారు. కావచ్చు. కానీ మనం వేస్తున్నది ఈ ఐదు నిమిషాల ప్రెజెంటేషన్‌కి. ఇంటర్వ్యూ పానెల్ ఏం చూస్తుందో అది వేరే పరీక్ష. ఐఎల్ట్స్ స్పీకింగ్ షీట్ తెచ్చి ఇక్కడ వాడేవాళ్లకి కూడా ఇదే చెబుతాను. అందులో ధారాళత, పదసంపద, గ్రామర్, ఉచ్చారణ అని నాలుగు సమాన భాగాలు. చెప్పిన విషయం నిజమా కాదా అన్నదానికి అక్కడ మార్కే లేదు. భాషని కొలవడానికి అది సరిపోతుంది. మీ షీట్‌లో కంటెంట్ అని ఒక గడి ఉన్నప్పుడు సరిపోదు.

ఈ పద్ధతితో కూడా జారిపోయే చోట్లు ఉన్నాయి. పెద్దది వరస ప్రభావం. చాలా బాగా మాట్లాడినవాళ్ల వెంటనే వచ్చిన మామూలు స్టూడెంట్ ఉన్నదానికంటే పేలవంగా కనిపిస్తాడు. ఇక పొద్దున మొదటి ముగ్గురికి మనం గట్టిగా వేస్తాం, సాయంత్రానికి చేయి మెత్తబడుతుంది. కొందరికి దీనికి తారుమారుగా ఉంటుంది. దీనికి నేను పాటించేది, పాత బ్యాచ్ వాళ్లవి అనుమతి తీసుకుని రికార్డు చేసిన వీడియోలు మూడు దగ్గర పెట్టుకోవడం. ఒకటి కంటెంట్‌లో 1, డెలివరీలో 4 వచ్చినది. ఒకటి దానికి తారుమారు. ఒకటి అన్నిటిలో 2. సెషన్ మొదలయ్యే ముందు ఒకటి, భోజనం తర్వాత ఇంకొకటి చూసి మళ్లీ మార్కులు వేసి, ముందు వేసిన వాటితో పోల్చుకుంటాను. ఒక మెట్టు తేడా వచ్చిందంటే చేయి జారిందని అర్థం.

ఇద్దరు ఎగ్జామినర్లు ఉంటే ఒకరి షీట్ ఒకరు చూడకుండా వేయండి. ఒక మెట్టు తేడా ఉంటే సగటు తీసుకోండి. రెండు మెట్ల తేడా వస్తే సగటు తీయొద్దు, గళ్లలో రాసుకున్నది ఎదురెదురుగా పెట్టి చూడండి. దాదాపు ప్రతిసారీ ఒకరు ఏదో వినలేదనో, వాళ్ల గడిలో ఏమీ రాసుకోలేదనో తేలుతుంది. మా కొలీగూ నేనూ ఆ అబ్బాయి కంటెంట్ దగ్గర అలాగే తేలాం. ఆయన మధ్య గడి ఖాళీ.

ఇంకో సంగతి. 13.5కీ 13కీ మధ్య తేడాని నమ్మకండి. అర మార్కు తేడా ఇంకో రోజున, ఇంకొకరి చేతిలో మారిపోతుంది. ఆ మార్కులతో ఫస్ట్, సెకండ్ అని ర్యాంకులు కట్టొద్దు. పై వాళ్లు తప్పదంటే, దగ్గర దగ్గరగా ఉన్న ముగ్గురు నలుగురి వీడియోలు ఇంకొకరితో చూపించి తేల్చండి.

షీట్ మారిస్తే మీ హెచ్‌ఓడీ అడ్డు చెబుతారేమో. అలా అయితే 10, 10, 10 కాలమ్స్ అలాగే ఉంచి, 0 నుంచి 4 మెట్లని 2, 4, 6, 8, 10గా వేసుకోండి. మధ్యలో 7, 9 వాడకండి. ముందు ఒక్క బ్యాచ్‌కి చేసి చూడండి. మూడు కాలమ్స్‌లో ఒకే అంకె ఎన్ని పేపర్లలో పడిందో పాత బ్యాచ్‌తో పోల్చి లెక్కపెట్టండి. అది గణనీయంగా తగ్గకపోతే మీరు ఇంకా మాట్లాడుతుండగానే అంకె వేస్తున్నారన్నమాట.

స్టూడెంట్స్‌కి షీట్ తిరిగి ఇచ్చేటప్పుడు అంకెలతో పాటు గడి గడికీ ఒక్క వాక్యం, టైమ్‌తో సహా రాసివ్వండి. ఆ అబ్బాయికి నేను రాసింది: "2:50 దగ్గర ఫ్లాక్ అన్నది వినిపించలేదు, చివరి క పలుకు. 1:40 దగ్గర 1.5 అన్నావు, ఎప్పుడు 1.5, ఎప్పుడు 1.0? పలకరింపు పది సెకన్లకి కుదించు, ముగింపుకి టైమ్ దొరుకుతుంది." అమ్మాయికి: "రోజుకి ఎంతసేపు ఫోన్ చూస్తారో మీ హాస్టల్‌లో ఇరవై మందిని అడిగి, ఆ లెక్కతో మళ్లీ మొదలుపెట్టు. అదే ప్రసంగం నిమిషానికి 140 మాటలతో." తర్వాతి రౌండ్‌లో ఆమె నిజంగానే అడిగి, లెక్క తెచ్చింది. కంటెంట్ 3 వేశాను. డెలివరీ మాత్రం 3 దగ్గరే ఆగింది, స్పీడు తగ్గలేదు.